సబ్‌స్క్రైబర్ల లెక్క: చూసేవాళ్లకు కొంత, ఛానెల్‌వాళ్లకు మొత్తం

ఓ వంటల ఛానెల్ ఉందనుకోండి. ఇరవై లక్షల మంది సబ్‌స్క్రైబర్లు. గుత్తొంకాయ కూర వీడియో కింద మీరు ‘చాలా బాగా చూపించారండీ’ అని కామెంట్ పెట్టారు. కాసేపటికి దానికి జవాబొచ్చింది. పేరు ఆ ఛానెల్‌దే, గుండ్రటి ఫొటోలో ఉన్నదీ ఆవిడే. ‘మీరు మా బహుమతి గెలుచుకున్నారు, టెలిగ్రామ్‌లో ఈ నంబరుకు మెసేజ్ పెట్టండి’ అని అందులో ఉంది. కాస్త అనుమానమున్న మనిషి ఏం చేస్తాడు? ఆ పేరు మీద నొక్కి, ఛానెల్ పేజీలోకి వెళ్లి చూస్తాడు.

2022 జులై ముందు వరకు అలా వెళ్లినవాళ్లకు కనిపించింది ఇది: అదే పేరు, అదే ఫొటో, పక్కన సబ్‌స్క్రైబ్ బటన్. ఎంతమంది సబ్‌స్క్రైబర్లో చెప్పే అంకె మాత్రం ఎక్కడా లేదు. ‘12 మంది’ అని ఉంటే ఆట అక్కడితో అయిపోయేది. ఇరవై లక్షల మంది ఉన్న ఆవిడకు పన్నెండు మందేమిటని ఎవరికైనా తట్టేది. సున్నా అని ఉన్నా తట్టేది. కానీ అక్కడ ఏమీ లేదు. ఏమీ లేనిచోట మనం మంచే ఊహించుకుంటాం. ‘లెక్క దాచుకున్నారేమోలే’ అనుకుని టెలిగ్రామ్ తెరిచినవాళ్లు ఉండే ఉంటారు, లేకపోతే ఆ మోసగాళ్లు అన్నేళ్లపాటు అదే పని చేసేవాళ్లు కాదు.

ఆ ఖాళీ ఏదో లోపం వల్ల వచ్చింది కాదు. యూట్యూబే అందరికీ ఇచ్చిన సౌకర్యం. ఛానెల్ నడిపేవాళ్లు యూట్యూబ్ స్టూడియోలోకి వెళ్లి Settings, అందులో Channel, అందులో Advanced settings తెరిస్తే, తమ సబ్‌స్క్రైబర్ల సంఖ్యను అందరికీ చూపించాలా అని అడిగే చిన్న గడి ఉండేది. అందులోని టిక్కు తీసేసి Save నొక్కితే చాలు. ఛానెల్ పేజీలో, వీడియో కింద పేరు పక్కన, వెతికినప్పుడు వచ్చే ఫలితాల్లో, అన్నిచోట్లా ఆ అంకె మాయమయ్యేది. మిగతావన్నీ మామూలే. వీడియోలకు ఎన్ని వ్యూస్ వచ్చాయో కనిపించేది, సబ్‌స్క్రైబ్ చేసుకోవాలనుకున్నవాళ్లు చేసుకోగలిగేవాళ్లు, కొత్త వీడియో వస్తే వాళ్లకు గంట మోగేది.

ఈ సౌకర్యం వాడుకున్నవాళ్లలో ఎక్కువమంది మోసగాళ్లేమీ కాదు. కొత్తగా ఛానెల్ పెట్టి, ఇంట్లోవాళ్లూ స్నేహితులూ కలిపి ముప్పై మంది చేరినవాళ్లు, ఆ ముప్పై చూసి బయటివాళ్లు ‘ఇదేం ఛానెల్’ అని వెనక్కి పోతారేమోనన్న బెరుకుతో దాచుకునేవాళ్లు. కాస్త పెరిగాక చూపిద్దాంలే అనుకునేవాళ్లు. అంకె చూసి విలువ కట్టే అలవాటు మనకుంది కాబట్టి ఆ బెరుకు తప్పుపట్టాల్సింది కాదు.

అంకె దాచినా, దాచిన మనిషికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఎందుకంటే టిక్కు తీసేసినప్పుడు లెక్క ఆగేది కాదు, చెరిగిపోయేదీ కాదు. లెక్కపెట్టేది యూట్యూబ్. సబ్‌స్క్రైబ్ నొక్కిన ప్రతి ఖాతా దాని పుస్తకంలో పడుతూనే ఉండేది. ఆ గడి తేల్చేది ఒక్కటే, ఆ మొత్తాన్ని బయటివాళ్ల తెర మీద రాయాలా వద్దా అని. స్టూడియో మొదటి పేజీ తెరవగానే కనిపించే Current subscribers అన్న అంకె ఎప్పటిలాగే ఉండేది. దాని కింద గత 28 రోజుల్లో ఎంతమంది పెరిగారో, తగ్గారో కూడా. డబ్బు విషయంలోనూ తేడా లేదు. ప్రకటనల ఆదాయంలో వాటా కావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ లాంటి షరతులుంటాయి. ఆ వెయ్యి మందినీ యూట్యూబ్ తన పుస్తకంలోంచే చూసుకుంటుంది, మన తెర మీద నుంచి కాదు.

మరి ఈ గడి ఎందుకు పోయింది? మొదట చెప్పుకున్న ఆ దొంగ కామెంట్ల వల్లే. 2022 తొలి నెలల్లో ఈ బెడద మరీ ముదిరింది. మార్క్స్ బ్రౌన్లీ లాంటి పెద్ద టెక్నాలజీ వీడియోల మనిషి కూడా తన కామెంట్ల పెట్టె నిండా తన పేరుతోనే మోసగాళ్లు తిరుగుతున్నారనీ, యూట్యూబ్ దీన్ని సరిచేయాలనీ ఆ ఏడాది ఒక వీడియోనే పెట్టాడు. జూన్ నెలాఖరులో యూట్యూబ్ కొన్ని మార్పులు ప్రకటించింది. ఛానెల్ పేర్లలో అక్షరాల్లా కనిపించే వింత గుర్తులు పెట్టుకునే వీలు తగ్గించింది. కామెంట్లను ఇంకాస్త కఠినంగా జల్లెడ పట్టే ఏర్పాటు ఇచ్చింది. మూడోది మనకు కావాల్సింది: 2022 జులై 29 నుంచి ఏ ఛానెలూ తన సబ్‌స్క్రైబర్ల సంఖ్యను దాచుకోలేదు. కొత్తవాళ్లకు ఇది కష్టంగానే ఉంటుందని ఒప్పుకుంటూనే యూట్యూబ్ ఆ నిర్ణయం తీసుకుంది. నాకైతే అది సరైనదే అనిపిస్తుంది. ముప్పై మంది సబ్‌స్క్రైబర్లున్నారని సిగ్గుపడటం కన్నా బ్యాంకు ఖాతా ఖాళీ కావడం పెద్ద నష్టం.

ఆ సెట్టింగ్ ఎలా మార్చాలో చూపించే పాత వీడియోలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చూసి స్టూడియో అంతా గాలించి, ‘నాకు ఆ గడి రావట్లేదేంటి’ అని తలపట్టుకునేవాళ్లున్నారు. మీ ఖాతాలో లోపమేమీ లేదు. ఆ గడి లేదంతే. ‘మీ సబ్‌స్క్రైబర్లను దాచిపెడతాం, లాగిన్ వివరాలు ఇవ్వండి’ అని ఎవరైనా యాప్ చూపిస్తే, దాని సంగతేమిటో ఇక మీకు వేరే చెప్పక్కర్లేదు.

అయితే దాచడం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. అసలు విశేషం ఇక్కడే ఉంది. ఒక్కో ఛానెల్ తనకు తానుగా అంకె మొత్తం దాచుకునే వీలు 2022లో పోయింది కానీ, అంతకు మూడేళ్ల ముందే, 2019 సెప్టెంబరులో, యూట్యూబ్ అన్ని ఛానెళ్ల అంకెల్లోనూ చివరి భాగాన్ని అందరికీ దాచేసింది. వెయ్యి మంది దాటిన ఏ ఛానెల్‌కైనా ఎదుటివాళ్లకు కనిపించేది మొదటి మూడు అంకెలే. మిగతాది కత్తిరించేస్తారు. పైకి సవరించరు, ఎప్పుడూ కిందికే. 1,234 మంది ఉంటే 1.23K అని, 12,345 ఉంటే 12.3K అని, 12,34,567 ఉంటే 12.3 లక్షలు అని కనిపిస్తుంది. వెయ్యి లోపు ఉన్నవాళ్లది మాత్రం ఒక్కటీ వదలకుండా చూపిస్తారు. చిన్నవాళ్లకే దాపరికం లేదన్నమాట.

ఈ కత్తిరింపు వెనక ఒక కథ ఉంది, అందులో మన దేశం ఛానెలే సగం పాత్ర. 2018 చివర్లో స్వీడన్‌కు చెందిన ప్యూడీపై ఛానెల్‌కూ, మన టీ-సిరీస్‌కూ మొదటి స్థానం కోసం పందెం మొదలైంది. నెలల తరబడి లక్షల మంది తెరకు కళ్లు అతికించుకుని, రెండు అంకెలూ పక్కపక్కనే క్షణక్షణం మారుతుంటే చూస్తూ కూర్చున్నారు. సోషల్ బ్లేడ్ లాంటి సైట్లు ఆ అంకెల్ని నేరుగా యూట్యూబ్ నుంచి తీసుకుని లైవ్‌గా చూపించేవి. 2019 మే నెలలో టీ-సిరీస్ పది కోట్లు దాటిన మొదటి ఛానెల్ అయ్యింది. అదే నెలలో అమెరికాలో జేమ్స్ చార్లెస్ అనే మేకప్ వీడియోల కుర్రాడికీ, అదే రంగంలో ఉన్న టాటీ వెస్ట్‌బ్రూక్‌కూ గొడవైంది. అతని సబ్‌స్క్రైబర్లు కొద్ది రోజుల్లోనే దాదాపు ముప్పై లక్షలు పడిపోయారు. ఆ పడిపోవడాన్ని కూడా జనం లైవ్‌లో, క్రికెట్ స్కోరు చూసినట్టు చూశారు. అంకె తగ్గేకొద్దీ మరికొందరు వచ్చి తీసేసేవాళ్లు.

ఆ మే నెలలోనే యూట్యూబ్ కత్తిరింపు సంగతి ప్రకటించింది. చెప్పిన కారణాలు రెండు. ఒకచోట పూర్తి అంకె, మరోచోట కుదించిన అంకె కనిపిస్తోంది కాబట్టి అన్నిచోట్లా ఒకేలా ఉండాలన్నది మొదటిది. ప్రతి క్షణం ఆ అంకె వైపే చూస్తూ ఛానెళ్లవాళ్లు ఒత్తిడికి లోనవుతున్నారన్నది రెండోది. రెండో కారణం కాస్త విచిత్రంగా ఉంటుంది, ఎందుకంటే కత్తిరించింది చూసేవాళ్లకే. ఒత్తిడి పడే మనిషికి పూర్తి అంకె ఎప్పటిలాగే ఉంది. బయటివాళ్ల చూపు తప్పించడమే ఆ ఉపశమనం అనుకోవాలి.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో మన వంటల ఛానెల్‌కన్నా చిన్నదాన్ని ఒకదాన్ని తీసుకుని చూద్దాం. ఒక పొద్దున స్టూడియోలో 98,640 అని ఉంది. మీరు ఫోన్లో చూస్తే 98.6K. ఆ రోజు, మర్నాడు కలిపి 59 మంది కొత్తగా చేరారు. స్టూడియోలో 98,699. మీకు ఇంకా 98.6K. ఆ ఇంట్లో సంతోషంగా ఉన్నారు, బయట ఎవరికీ తెలియదు. ఇంకొక్కరు చేరగానే 98.7K అవుతుంది, ఆ ఒక్కరి వల్లే నూరు మంది పెరిగినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు వెనక్కి నడిపిద్దాం. అదే 98,640 నుంచి ఏదో వీడియో నచ్చక 41 మంది తీసేశారనుకోండి. స్టూడియోలో 98,599. బయట 98.5K. నలభై ఒక్కమంది పోతే చూసేవాళ్లకు నూరు మంది పోయినట్టు ఉంటుంది. ‘ఆ వీడియో పెట్టినందుకు చూడండి, సబ్‌స్క్రైబర్లు ఎలా పడిపోతున్నారో’ అని రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి ఎవరైనా వాదిస్తే, ఆ వాదనలో ఎంత గట్టిదనం ఉందో ఈ లెక్క చెబుతుంది. కనిపించే అంకె ఒక్క మెట్టు మారిందంటే నిజంగా మారింది ఒకరూ కావచ్చు, నూరు మందీ కావచ్చు.

ఇంకో సంగతి. ఈ ఛానెల్‌కు రోజుకు యాభై మంది చొప్పున చేరుతున్నారనుకుంటే, రెండు రోజులకోసారి బయటి అంకె ఒక మెట్టెక్కుతుంది. 99,999 మంది ఉన్నా 99.9K దగ్గరే ఉంటుంది, ఒక్కరు చేరితే లక్ష. అందరూ సంబరం చేసుకుంటారు. ఆ తర్వాత చూడండి, అంకె కదలదు. లక్ష దాటాక మూడు అంకెల లెక్కలో ఒక మెట్టంటే వెయ్యి మంది. అదే యాభై మంది చొప్పున రోజూ చేరుతున్నా 1.01 లక్షలు కనిపించడానికి ఇరవై రోజులు పడుతుంది. నిన్నటిదాకా చకచకా పెరిగిన ఛానెల్ లక్ష కాగానే చల్లబడిపోయిందని చూసేవాళ్లనుకుంటారు. ఛానెల్‌లో ఏమీ చల్లబడలేదు, మెట్టు పొడుగు పెరిగిందంతే. పది లక్షల దగ్గర మళ్లీ ఇదే జరుగుతుంది, అక్కడ మెట్టు పదివేలు.

కంప్యూటర్ ప్రోగ్రాములు యూట్యూబ్‌ను అడిగి తెచ్చుకునే సమాచారంలోనూ ఇదే కత్తిరింపు. ఒక ఛానెల్ గణాంకాలు అడిగితే వచ్చే జవాబులో ఈ రెండు వరుసలుంటాయి:

```
"subscriberCount": "98600",
"hiddenSubscriberCount": false
```

చివర రెండు సున్నాలు చూశారా? ఆ ఛానెల్‌లో అచ్చంగా 98,600 మందే ఉన్నారని కాదు, మిగతా నలభై మందినీ అక్కడే కోసేశారు. రెండో వరుస పాత గడి తాలూకు గుర్తు. దాచుకున్న ఛానెల్‌కు అక్కడ true అని వచ్చేది. అందుకే ఇప్పటికీ ‘లైవ్ సబ్‌స్క్రైబర్ కౌంట్’ అని చివరి అంకెదాకా గిరగిరా తిప్పే బయటి సైట్లు ఏవైనా కనబడితే, అవి చూపిస్తున్నది అంచనాయేనని అనుకోవచ్చు. మూడు అంకెల్ని బట్టి, పాత వేగాన్ని బట్టి మధ్యలోవి తామే నింపుతాయి. అలా ఊహించని నిజమైన లైవ్ లెక్క ఒక్కచోటే ఉంది. స్టూడియోలో Analytics తెరిస్తే Realtime అనే పెట్టె ఉంటుంది, అందులో See live count నొక్కితే వస్తుంది. దాన్ని తెరవగలిగేది ఛానెల్‌వాళ్లు, వాళ్లు అనుమతిచ్చినవాళ్లు.

తన ఛానెల్ ఎదుటివాళ్లకు ఎలా కనిపిస్తోందో చూసుకోవాలనుకునేవాళ్లు తమ ఖాతాలో ఉండగా చూసి లాభం లేదు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, లాగిన్ కాకుండా ఛానెల్ పేజీకి వెళ్తే, దారిన పోయేవాళ్లకు కనిపించేదే వాళ్లకూ కనిపిస్తుంది.

ఛానెల్‌వాళ్లకు మొత్తం కనిపిస్తుందన్నాం కదా, అందులోనూ ఒక మెలిక ఉంది. వాళ్లకు సంఖ్య మొత్తం కనిపిస్తుంది కానీ మనుషులు మొత్తం కనిపించరు. స్టూడియోలో కొత్తగా చేరినవాళ్ల జాబితా ఒకటుంటుంది. అందులోకి వచ్చేది తమ సబ్‌స్క్రిప్షన్లను బహిరంగంగా ఉంచుకున్నవాళ్లు మాత్రమే. యూట్యూబ్ ఖాతాలో ఈ ఏర్పాటు మొదటి నుంచీ గోప్యంగానే ఉంటుంది, మనంతట మనం మారిస్తే తప్ప. అందుకని 98,640 మంది ఉన్న మనిషికి ఆ జాబితాలో దొరికే పేర్లు చాలా తక్కువ. ‘బావగారూ, మీ ఛానెల్‌కు సబ్‌స్క్రైబ్ చేశాను’ అని పెళ్లిలో చెప్పిన బంధువు నిజంగానే చేశాడా లేదా అని జాబితా తీసి చూస్తే పేరు లేకపోవచ్చు. అంతమాత్రాన ఆయన అబద్ధమాడినట్టు కాదు, తగాదా పెట్టుకోకండి.

ఆ సంఖ్య కూడా ఉన్నట్టుండి తగ్గుతుంటుంది. మూసేసిన ఖాతాల్ని, డబ్బులిచ్చి కొనుక్కున్నట్టు తేలిన దొంగ సబ్‌స్క్రైబర్లను యూట్యూబ్ అప్పుడప్పుడూ ఏరి తీసేస్తుంది. ఏ గొడవా లేని రోజున ఒక్కసారిగా కొన్ని వందలు పడిపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఏ వీడియో వల్ల ఎందరు చేరారు, ఎందరు వెళ్లారు అని చూపించే పట్టిక వేరు, అది సుమారు రెండు రోజులు వెనకబడి ఉంటుంది. దాన్ని పైనున్న మొత్తంతో ఆ రోజే కూడి చూస్తే లెక్క కుదరదు. రెండు రోజులాగి చూడాలి.

ఇక ఈ రెండు అంకెల మధ్య తేడా నిజంగా పనికి అడ్డొచ్చే చోటు ఒకటుంది. ఊళ్లో ఓ చీరల దుకాణం యజమాని ప్రకటన ఇద్దామని వచ్చాడు. ‘లక్ష మంది ఉంటేనే ఇస్తాను’ అన్నాడు. ఛానెల్‌వాళ్లకు 99,960 ఉంది. ఆయన ఫోన్లో 99.9K. అంటే 99,900 నుంచి 99,999 దాకా ఏదైనా కావచ్చు. ‘ఇంకో నలభై మందే’ అని వీళ్లంటే ఆయన నమ్మాలా? స్టూడియో స్క్రీన్‌షాట్ పంపొచ్చు. కానీ తెర మీది అంకెను బ్రౌజర్‌లోనే మార్చేసి ఫొటో తీయడం పదో తరగతి పిల్లాడికి కూడా వచ్చు, ఆ సంగతి ఆ యజమానికీ తెలిసే ఉంటుంది.

దీనికి తేలిక దారి స్టూడియోలోనే ఉంది. Settings లోకి వెళ్లి Permissions తెరిస్తే, ఇంకో మనిషిని ఈమెయిల్‌తో చేర్చుకోవచ్చు. ఎంతవరకు చూడనివ్వాలో ఎంచుకోమని అడుగుతుంది. అందులో Viewer (limited) ఎంచుకుంటే ఆ మనిషి స్టూడియోలోకి వచ్చి గణాంకాలు చూడగలడు. వీడియోలను ముట్టుకోలేడు, ఛానెల్‌కు ఎంత డబ్బొస్తోందో చూడలేడు. దుకాణం యజమాని తన ఖాతాతోనే లోపలికొచ్చి 99,960 చూసుకుంటాడు. బేరం కుదిరాకో, కుదరకపోయాకో మళ్లీ అక్కడికే వెళ్లి పేరు తీసేయొచ్చు. పాస్‌వర్డు మాత్రం ఇవ్వకూడదు. పాస్‌వర్డు ఇస్తే అంకె చూడటంతో ఆగదు, ఛానెలే చేతులు మారిపోవచ్చు.

మొదట్లోని ఆ కామెంట్ లాంటిది ఇవాళ వస్తే పరిస్థితి కొంత మెరుగు. 2022 చివరి నుంచి ప్రతి ఛానెల్‌కూ @ గుర్తుతో మొదలయ్యే హ్యాండిల్ ఉంది, ఒకరిది ఇంకొకరికి దొరకదు. ఇప్పుడు కామెంట్ల పైన కనిపించేది అదే. దొంగవాడు ఒక అక్షరం అటో ఇటో మార్చి, చివర ఓ అంకె తగిలించి దగ్గర్లోకి వస్తాడు తప్ప అచ్చం అదే పెట్టుకోలేడు. ఆ పేరు మీద నొక్కితే ఇప్పుడు సబ్‌స్క్రైబర్ల సంఖ్య కూడా కనబడుతుంది. వీడియోలున్నాయో లేదో, ఛానెల్ ఎప్పుడు మొదలైందో వివరాల్లో ఉంటుంది. ఛానెల్ సొంతదారే కామెంట్ పెడితే ఆ పేరు వెనక రంగు పట్టీ పడుతుంది, దొంగవాడి పేరుకు పడదు. ఇరవై లక్షల మంది ఉన్నావిడ పేరుతో వచ్చిన జవాబు వెనక నాలుగు రోజుల కిందట పుట్టి, ఏడుగురు సబ్‌స్క్రైబర్లతో, ఒక్క వీడియో కూడా లేని ఛానెల్ బయటపడితే, మూడు చుక్కల మీద నొక్కి రిపోర్ట్ చేసి వచ్చేయండి.